బ్యాంకుకీ స్టార్టప్‌కీ ఒకే చొక్కా సరిపోతుందా? వైజాగ్‌లో ముందు చెమట సంగతి చూడాలి

మా పిన్ని కొడుకుకి మే నెలలో ఒకే వారం రెండు ఇంటర్వ్యూలు పడ్డాయి, ఒకటి సిరిపురంలో ఒక పాతకాలం పద్ధతుల బ్యాంకులో, ఇంకోటి రుషికొండ దగ్గర చిన్న డిజైన్ స్టార్టప్‌లో. వాడు లేత నీలం ఫుల్ హ్యాండ్స్ చొక్కా కొనుక్కుని రెండింటికీ ఇదే వేసుకుంటా అన్నాడు. నేను వద్దన్నాను, ఎందుకంటే గాజువాక నుంచి బస్సులో వచ్చేసరికి ఆ రంగు మీద చంకల దగ్గర, వీపు మీద చెమట మరకలు ముదురుగా కనిపిస్తాయి. మన ఊరి ఉక్కలో చెమట తొందరగా ఆరదు కదా.

చెమట కనపడనిది తెలుపు, లేదంటే బాగా ముదురు నీలం. బ్యాంకుకి తెలుపే తీసుకున్నాం, లోపల హాఫ్ హ్యాండ్స్ బనీను, చేతుల్లేని బనీను అయితే చంకల్లో చెమట నేరుగా చొక్కాకే అంటుకుంటుంది. అచ్చం కాటన్ అయితే బస్సులో నలిగిపోతుంది, పాలిస్టర్ అయితే చెమట పీల్చదు, అందుకే కాటన్ ఎక్కువున్న మిక్స్ గుడ్డ తీసుకున్నాం. చొక్కా హ్యాంగర్‌కి తగిలించి కవర్లో పట్టుకెళ్ళి, అరగంట ముందే చేరి, మొహం కడుక్కుని అక్కడ మార్చుకున్నాడు.

బ్యాంకు వాళ్ళు చూసేది ఖరీదు కాదు అని నా అభిప్రాయం. కౌంటర్లో ఈ కుర్రాడి చేతికి ఒక పెద్దాయన తన పెన్షన్ డబ్బులు ఇస్తాడా లేదా, అదే వాళ్ళ ప్రశ్న. అందుకే భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద పడాలి, కాలర్ బొత్తం పెట్టాక ఒక వేలు దూరాలి, నల్ల బూట్లకి నల్ల బెల్టు, కూర్చున్నప్పుడు పిక్క కనపడకుండా పొడుగు సాక్సు. అమ్మాయిలకి ఇస్త్రీ చేసిన కాటన్ చీరో, చున్నీ పిన్ను పెట్టిన చుడీదారో చాలు, ఊరికే జారే పవిట వద్దు, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది.

స్టార్టప్ దగ్గర తప్పు ఇంకో రకం. చాలామంది టీషర్టు వేసుకుని పోవచ్చు అనుకుంటారు, లేదా బ్యాంకు డ్రెస్సే వేసుకుని పోతారు. మావాడు మాత్రం ముందురోజు వాళ్ళ టీమ్ ఫొటోలు లింక్డిన్‌లో చూశాడు, అందరూ టీషర్టులే, మేము దానికంటే ఒక్క మెట్టు పైన పెట్టాం: అదే తెల్ల చొక్కా ఉతికి, టక్ చెయ్యకుండా, చేతులు మోచేతి దాకా మడిచి, చిరుగుల్లేని ముదురు జీన్స్, కడిగిన స్నీకర్లు. టక్ లేకుండా వేసుకోవాలంటే చొక్కా అంచు జిప్పు సగం దాకే రావాలి, అంతకంటే కిందకి దిగితే నైట్ డ్రెస్సులా ఉంటుంది, అందుకని టైలర్‌తో కింద రెండంగుళాలు కట్ చేయించి కుట్టించాం, అయినా బ్యాంకు నుంచి మళ్ళీ పిలుపొస్తే టక్ చేసుకోడానికి సరిపోయేంత పొడుగు ఉంది.