పాస్‌వర్డ్ సరైనదే, అయినా 'తప్పు' అంటుంది: పర్లాకిమిడిలో మూడుసార్లు మార్చాక తేలిన సంగతి

మా మేనకోడలు ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, మొదటి సంవత్సరం చదువుతోంది. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి మొన్న ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఉన్న నెట్ సెంటరుకి వెళ్లింది. ఇంట్లో తన ఫోన్లో తానే తెరిచిన అకౌంటు, తానే పెట్టుకున్న పాస్‌వర్డు. ముందు రోజు రాత్రి ఫోన్లో లాగిన్ అయి చూసుకుంది కూడా. సెంటరు కంప్యూటర్లో అదే కొడితే 'యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు' అని వచ్చింది. రెండోసారి మెల్లగా, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టింది. మళ్లీ అదే మాట.

"నువ్వు మరిచిపోయావమ్మా, మార్చేసుకో" అన్నాడు సెంటరు నడిపే కుర్రాడు. ఫోనుకి వచ్చిన ఓటీపీతో ఫోన్లోనే పాస్‌వర్డు మార్చింది. కంప్యూటర్లో కొడితే మళ్లీ తప్పు. ఇంకోసారి మార్చింది, ఇంకోసారి తప్పు. మూడోసారి ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తోంది కదా అని ఓటీపీ మాత్రం ఫోన్లో చూసి, పాస్‌వర్డు కంప్యూటర్లోనే మార్చింది. ఈసారి కంప్యూటర్లో తెరుచుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే, ఫోను 'తప్పు' అంది.

"మావయ్యా, నాకేమైనా పిచ్చి పట్టిందా?" అని ఫోన్ చేసింది.

ఈ చివరి మలుపులోనే అసలు ఆధారం ఉంది. పాస్‌వర్డు ఎక్కడ పెడితే అక్కడే పనిచేస్తోంది, రెండోచోట పనిచేయడం లేదు. అంటే తేడా ఆమె జ్ఞాపకంలో లేదు, రెండు కీబోర్డుల్లో ఉంది. ఫోన్లో పాస్‌వర్డు చేత్తో కొట్టి, గడిలో ఉన్న కన్ను గుర్తు నొక్కి, కనబడింది కనబడినట్టు పంపమన్నాను. ఆమె కంప్యూటర్లో కొట్టింది మొదటిది, ఫోన్లో కొడుతున్నది రెండోది (ఇప్పుడు మార్చేసింది కాబట్టే రాస్తున్నాను):

```
Uma@2007
Uma@୨୦୦୭
```

క్లాసు గ్రూపులో మెసేజీలన్నీ ఒడియాలో నడుస్తాయి కాబట్టి ఆమె ఫోన్లో ఒడియా కీబోర్డు ఉంది. అక్షరాలకు ఇంగ్లిష్‌లోకి మారింది, అంకెల పేజీ మాత్రం ఒడియాదే వచ్చింది. చాలా ఫోన్లు పాస్‌వర్డు గడి రాగానే తమంతట తామే ఇంగ్లిష్ కీబోర్డుకి మారతాయి గానీ, అన్ని ఫోన్లూ అన్ని యాప్‌లూ ఆ మర్యాద పాటించవు. ఒడియా సున్నా చూడటానికి ఇంగ్లిష్ సున్నాలాగే ఉంటుంది. పైగా గడిలో కనబడేవి చుక్కలే. నాలుగు అంకెలకు నాలుగు చుక్కలు, ఏ లిపిలో కొట్టినా.

మనిషికి రెండూ 'రెండు వేల ఏడే'. యంత్రానికి కాదు. ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఇంగ్లిష్ సున్నా U+0030, ఒడియా సున్నా U+0B66. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిది ఒక బైటు, రెండోది మూడు బైట్లు. కాబట్టి ఎనిమిది గుర్తుల ఆ పాస్‌వర్డు కంప్యూటర్లో 8 బైట్లు, ఫోన్లో 16 బైట్లు. పద్ధతిగా కట్టిన సర్వర్లు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచుకోవు, దాన్ని గిలక్కొట్టి హాష్ అనే ముద్ర తీసి దాన్నే దాచుకుంటాయి. ఒక్క బైటు మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. 'దాదాపు సరిపోయింది' అనే మాట అక్కడ ఉండదు. సర్వరు దృష్టిలో ఆమె పూర్తిగా వేరే పాస్‌వర్డు కొట్టింది.

ఈ బాధ మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్ర వైపు పాతపట్నంలో ఇంతగా కనబడదు. ఎందుకంటే తెలుగు అంకెలను మనం రోజువారీ వాడకంలోంచి ఎప్పుడో తీసేశాం. ౨౦౦౭ అని రాస్తే చదవడానికి ఆగి ఆలోచించేవాళ్లే ఎక్కువ. ఒడియా అంకెలు అలా కాదు, కేలండర్లలోనూ పాఠ్యపుస్తకాల్లోనూ బతికే ఉన్నాయి. మరాఠీ అంకెలూ అంతే. అందుకే ఆ భాషల కీబోర్డుల్లో కొన్ని సొంత అంకెలనే ముందు పెడతాయి. ఒడిశాలో రాయగడ, గుణుపురం, అటు మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాల పిల్లల ఫోన్లలో మూడేసి కీబోర్డులు ఉంటాయి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, ఫారాలకు ఒకటి. పాస్‌వర్డు పెట్టిన క్షణాన ఏది తెరిచి ఉందో ఎవరికి గుర్తుంటుంది?

కంప్యూటర్లో ఈ గొడవ ఇంకో రూపంలో వస్తుంది. సెంటరు కుర్రాడు ఒడియాలో అర్జీలు టైపు చేస్తాడు కాబట్టి అతని విండోస్‌లో భారతీయ భాషలకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. ఎడమ ఆల్ట్‌తో షిఫ్ట్ కలిసి నొక్కుకుపోతే చాలు, చెప్పాపెట్టకుండా భాష మారుతుంది. అప్పుడు k నొక్కితే 'క' పడుతుంది, h నొక్కితే 'ప' పడుతుంది, చుక్క మాత్రం అదే చుక్క. ఇంగ్లిష్‌లోనే ఉన్నా పూర్తి భరోసా లేదు. స్క్రీన్ కింద కుడి మూలన 'ENG UK' అని ఉంటే, షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కినప్పుడు @ బదులు డబుల్ కోట్ గుర్తు పడుతుంది. మన దగ్గర పాస్‌వర్డుల్లో @ లేనిది ఎక్కడ? కీ మీద బొమ్మ ఒకటి, పడేది ఒకటి.

తేల్చుకోవడం తేలికే. నోట్‌ప్యాడ్ తెరిచి పాస్‌వర్డు కొట్టి చూసి, సేవ్ చేయకుండా చెరిపేయాలి. కొందరు యూజర్ నేమ్ గడిలో కొట్టి చూస్తారు, అది మాత్రం వద్దు. పొరపాటున ఎంటర్ నొక్కారంటే బ్రౌజరు దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చిన మనిషికి జాబితాలో చూపించవచ్చు.

ఇక కంప్యూటర్లో కొత్త పాస్‌వర్డు పెట్టాక ఫోను ఎందుకు మొరాయించింది? అక్కడ రెండో కారణం మొదటిదానిమీద ఎక్కి కూర్చుంది. ఫోన్లో బ్రౌజరు పాత పాస్‌వర్డును దాచుకుని ఉంది. పేజీ తెరవగానే దాన్ని తనే నింపేసింది. ఈ పిల్ల చుక్కలు చూసి కొత్తదే అనుకుని లాగిన్ నొక్కింది. మార్చింది వేరే యంత్రంలో కాబట్టి ఫోనుకు ఆ కబురు తెలియదు. గడి పూర్తిగా చెరిపి చేత్తో కొట్టమంటే, ఒడియా అంకెలతో మళ్లీ తప్పు వచ్చింది. ఇంగ్లిష్ అంకెలతో తెరుచుకుంది. ఒకే సందేశం వెనుక రెండు తప్పులు వరసగా నిలబడి ఉన్నాయి, ఒకటి తీస్తే రెండోది కనబడింది.

ఆటోఫిల్‌లో ఇంతకంటే విచిత్రమైనది ఒకటుంది. కొన్ని సైట్లు లాగిన్ నొక్కగానే పాస్‌వర్డును బ్రౌజరులోనే హాష్‌గా మార్చి, ఆ హాష్‌నే గడిలో పెట్టి పంపుతాయి. కొన్ని బ్రౌజర్లు పొరపాటున ఆ హాష్‌నే పాస్‌వర్డు అనుకుని దాచుకుంటాయి. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతి అయితే అది 64 అక్షరాలు. మరుసటిసారి అదే నింపుతుంది, ఎంత నొక్కినా తప్పే. గుర్తుపట్టడానికి చుక్కలు లెక్కపెట్టండి. మీ పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలై, చుక్కలు గడి చివరిదాకా పాకి ఉంటే దొంగ దొరికినట్టే. ఆ ఎంట్రీని బ్రౌజరు సెట్టింగ్స్‌లోంచి తీసేయాలి.

అలాంటి సైట్లలోనే పాత సెషన్ గొడవ కూడా ముదురుతుంది. లాగిన్ పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వరు ఒక తాత్కాలిక సంఖ్యను ఇచ్చి, కొంతసేపే గుర్తుపెట్టుకుంటుంది, ఆ కాసేపే సెషన్. బ్రౌజరు మీ పాస్‌వర్డును ఆ సంఖ్యతో కలిపి హాష్ చేసి పంపుతుంది. పేజీ తెరిచి పెట్టి, ఆధార్ జెరాక్సు తీయించుకుని, టీ తాగి అరగంటకి వచ్చి నొక్కితే ఆ సెషన్ పోయి ఉంటుంది. సైట్లు కట్టడానికి వాడే ఏఎస్‌పీ డాట్ నెట్‌లో సెషన్ ఆయుష్షు మామూలుగా 20 నిమిషాలు, పీహెచ్‌పీలో 24, సైటు వాళ్లు మార్చకపోతే. పాత సంఖ్యతో చేసిన హాష్ కొత్త లెక్కతో సరిపోదు. సర్వరు దాన్నీ 'పాస్‌వర్డ్ తప్పు' అనే అంటుంది. కాప్చా ఉన్న సైట్లలో రెండో ట్యాబ్ తెరిచినా ఇదే తంతు, రెండోదాని కాప్చా మొదటిదాన్ని చెరిపేస్తుంది. వెనక్కి బాణం నొక్కి వచ్చిన పేజీ కూడా పాతదే కావచ్చు. మందు ఒకటే: మిగతా ట్యాబులు మూసి, చిరునామా మళ్లీ కొట్టి పేజీ తాజాగా తెరిచి, వెంటనే లాగిన్ అవ్వాలి. ఇన్‌కాగ్నిటో విండోలో చేత్తో కొడితే తెరుచుకుంటే దోషం పాత సెషన్‌ది లేదా ఆటోఫిల్‌ది. అక్కడా తప్పంటే కీబోర్డు వైపు చూడండి, ఇన్‌కాగ్నిటో కీబోర్డును మార్చదు.

ఇందులో వాడేవాళ్ల తప్పు తక్కువ, సైటు కట్టినవాళ్లది ఎక్కువ అని నా అభిప్రాయం. యూజర్ నేమ్ తప్పో పాస్‌వర్డ్ తప్పో విడిగా చెప్పకపోవడానికి న్యాయమైన కారణం ఉంది, చెబితే ఏ పేరు మీద అకౌంటు ఉందో దొంగలకు తెలుస్తుంది. కానీ సెషన్ ముగిసిందని చెబితే ఎవరికి ఏం తెలుస్తుంది? దాన్ని కూడా పాస్‌వర్డు ఖాతాలో రాయడం బద్ధకం. ఆ బద్ధకానికి ఐదుసార్లు తప్పైతే తాళం వేసే నియమం తోడైతే, ఏ తప్పూ చేయని విద్యార్థి ఆఖరి తేదీ రోజున బయట నిలబడుతుంది.

లిపి సంగతికి కూడా సర్వరు దాకా వెళ్లనక్కర్లేదు. సైటుకి మీ కీబోర్డు ఏ భాషలో ఉందో తెలియకపోవచ్చు, గడిలో పడిన అక్షరం ఏ లిపిదో బ్రౌజరులోనే తెలుస్తుంది. 'మీరు ఒడియా అంకెలు కొట్టారు' అని గడి కింద ఒక్క వరుస చూపితే చాలు. పంపకముందే, కొట్టినవాళ్లకే కనబడుతుంది కాబట్టి దాడిచేసేవాళ్లకు దొరికేదేమీ లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ మార్గదర్శకాలు పాస్‌వర్డులో యూనికోడ్ అక్షరాలను ఒప్పుకోవాలనీ, హాష్ చేసేముందు యూనికోడ్ నార్మలైజేషన్ పద్ధతితో ఒకే రూపానికి తేవాలనీ సూచిస్తాయి. మంచిదే. అయితే ఆ పద్ధతి ఒడియా ୨ని ఇంగ్లిష్ 2గా మార్చదు, రెండింటినీ వేర్వేరు గుర్తులుగానే ఉంచుతుంది. అలాగని ఇతర లిపులను నిషేధించమని నేను అనను. ఒడియాలో పెట్టుకోవాలనుకున్నవాళ్లు పెట్టుకోవచ్చు, తెలిసి పెట్టుకుంటే.

మేనకోడలి ఫారం వెళ్లిపోయింది. మర్నాడు ఆ సెంటరుకి వెళ్లి, ఒడియా కీబోర్డు తీసేస్తే పోతుంది కదా అన్నాను కుర్రాడితో. "తీసేస్తే అర్జీలు ఎలాగండీ?" అన్నాడు. నిజమే. ఇప్పుడు ఎవరైనా పాస్‌వర్డు తప్పంటోంది అంటే ముందు స్క్రీన్ కుడి మూల చూస్తున్నాడు. వరసలో మూడో కంప్యూటరు మీద ఆ రోజు 'ENG UK' అని ఉంది. దానికి 'పాస్‌వర్డులు పడని సిస్టం' అని పేరు పెట్టి, ఆర్నెల్లుగా ప్రింట్లకే వాడుతున్నారట.