నోటీసు ఇంగ్లిష్‌లో, జప్తు తెలుగులో

గత ఆదివారం మా అనుబంధంలో వేసిన కథకు చాలా ఉత్తరాలు వచ్చాయి. సగం పొగడ్తలు, సగం చీవాట్లు. కథ చిన్నదే. డిగ్రీ అయ్యాక ఓ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కుర్రాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఇరుగుపొరుగు వాళ్లు నలుగురు నిలబడి ఉంటారు, ఎదురింటి పిన్ని చేతిలో నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితం ఉంటుంది. "ఇల్లు పోయినట్టేనా నాయనా?" అని ఆవిడ అడుగుతుంది. వాడు అరుగు మీద కూర్చుని చదివి చెబుతాడు. కథంతా అంతే. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు మాత్రం కోపంగా రాశారు: ఆ అబ్బాయి చెప్పినవాటిలో ఒకటి పూర్తిగా తప్పు, అది నమ్మి ఎవరైనా నిద్రపోతే బాధ్యత ఎవరిది, అచ్చేసిన మీకైనా తెలియొద్దా అని. ఆయన చెప్పింది నిజమే. మేం కథను కథలాగే చదివాం, నోటీసును నోటీసులా చదవలేదు. ఆ పని ఇవాళ చేస్తున్నాం.

ముందు కుర్రాడు సరిగ్గా చేసింది చెప్పాలి. వాడు వాక్యం వాక్యం తెలుగులోకి మార్చుకుంటూ పోడు. మొదటి పేజీ పైన ఉన్న చట్టం పేరూ సెక్షన్ నంబరూ చూస్తాడు: కోర్టుకెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం, 13(2). పిన్ని కుట్టు మిషన్ల కోసం ఇల్లు తనఖా పెట్టి 8 లక్షలు తీసుకుంది. ఇంట్లో జబ్బు వచ్చి కిస్తీలు ఆగిపోయాయి. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బకాయి కింద రాసుకుంటుంది, ఆ తర్వాతే ఈ 13(2) కాగితం వస్తుంది. అంటే ఇది జప్తు కాగితం కాదు, జప్తుకు ముందు ఇవ్వాల్సిన గడువు కాగితం. ఈ తేడా ఒక్కటీ చెప్పేసరికి పిన్ని మొహంలోకి కాస్త రక్తం వచ్చిందని రచయిత రాశారు. నమ్మదగ్గ మాటే. అప్పటిదాకా వాళ్లకి అర్థమైంది ఏమిటంటే, ఇంగ్లిష్ కొద్దిగా వచ్చిన ఒకాయన అందులో 'కాల్డ్ అపాన్' అని చూసి, "మనల్ని బ్యాంకుకి పిలిచారు, వెళ్లకపోతే పోలీసులొస్తారు" అని చెప్పేశాడు. ఆ మాటకి అక్కడ అర్థం పిలవడం కాదు, కట్టమని అడగడం. ఆ కాగితంలో పోలీసుల ఊసే లేదు.

తర్వాత వాడు గోడకున్న క్యాలెండర్ దించమంటాడు. మాకు కథలో బాగా నచ్చిన చోటు ఇది. నోటీసు మీద తేదీ జూన్ 3. పిన్ని దాన్ని విప్పించుకున్నది జూన్ 14న, ఎందుకంటే అన్నాళ్లూ ఎవరితో చదివించాలో తెలియక, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, బట్టల బీరువాలో దాచింది. చట్టంలో ఉన్నది నోటీసు తేదీ నుంచి 60 రోజులు అని. బీరువాలో ఉన్న 11 రోజులూ అందులో కలిసిపోయాయి. మిగిలినవి 49, అంటే ఆగస్టు 2 వరకు. కుర్రాడు ఆ తేదీ చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీస్తాడు. ఇంకో మాట కూడా చెబుతాడు, చాలామంది వకీళ్లు కూడా ముందు చెప్పనిది: ఈ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మడానికీ, లీజుకివ్వడానికీ వీల్లేదు. తెలిసిన మనిషి పేరు మీదకి రాత్రికి రాత్రే మార్చేద్దాం అనుకుంటున్న బాబాయికి ఆ సలహా అక్కడే గొంతులో ఆగిపోతుంది.

ఆ తర్వాత పాస్‌బుక్ తెప్పిస్తాడు. ఇది చాలామంది చెయ్యరు. నోటీసులో బాకీ 6,18,000 అని ఉంది. బాకీ ఎంతో, ఏ ఆస్తి మీద చర్య తీసుకుంటారో వివరంగా రాయడం చట్టప్రకారం తప్పనిసరి, కాబట్టి సరిచూడ్డానికి అంకె అంటూ ఒకటి ఉంటుంది. పిన్ని మార్చిలో కట్టిన 18,000 ఆ లెక్కలో లేదు, రసీదు మాత్రం ఆవిడ దగ్గరుంది. అప్పుడు చెయ్యాల్సింది బ్యాంకు కౌంటర్ దగ్గర గొడవ కాదు, నోటీసు చివర సంతకం చేసిన అధీకృత అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం, రసీదు నకలు జత చేసి, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో. బ్యాంకు దాన్ని చదివి తీరాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో 15 రోజుల్లో రాసి పంపాలి. ఈ హక్కు చట్టం పుట్టినప్పుడు ఇంత స్పష్టంగా లేదు, 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, అప్పు తీసుకున్నవాడి జవాబును బ్యాంకు పరిశీలించాల్సిందేనని చెప్పాక అదే ఏడాది సవరణతో వచ్చింది. అయితే దీనికో హద్దుంది, కథలో అది లేదు. అభ్యంతరం పంపినంత మాత్రాన 60 రోజుల గడియారం ఆగదు. బ్యాంకు కాదన్నంత మాత్రాన ఆ దశలో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి కుదరదు. జవాబు కోసం ఎదురు చూస్తూ ఆగస్టు 2ని మర్చిపోయినవాళ్లు లెక్కలేనంత మంది ఉంటారు.

ఇక తప్పు దగ్గరికి వద్దాం. ఆ వాకిట్లో నిలబడ్డవాళ్లు ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు. వాళ్లలో ముగ్గురు పిన్ని అప్పుకి షూరిటీ సంతకాలు పెట్టారు, కాగితంలో వాళ్ల పేర్లూ ఉన్నాయి. "మా సంగతేంట్రా అబ్బాయ్?" అని పెద్దాయన అడిగితే కుర్రాడు, "మీదాకా రాదు మామయ్యా, ఇల్లుంది కదా, ముందు దాని మీదకే వెళ్తారు, చాలకపోతే అప్పుడు చూద్దాం, అదీ మీ ముగ్గురికీ తలా కాస్తే" అంటాడు. ముగ్గురూ ఊపిరి పీల్చుకుంటారు. చదివిన మేమూ పీల్చుకున్నాం, సిగ్గుపడాల్సిన విషయం.

నోటీసులో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అనే మూడు మాటలున్నాయి. తెలుగులో 'ఉమ్మడిగానూ విడివిడిగానూ' అని రాస్తారు, విన్నవాడికి వాటాలు వేసుకోవడం లాగే వినపడుతుంది. అసలు అర్థం దానికి తలకిందులు: మొత్తం బాకీకి ప్రతి ఒక్కరూ పూర్తిగా బాధ్యులే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు ఇంటి మీదకి వెళ్లాలన్న నియమమూ లేదు, తనఖా ఆస్తిని ముట్టుకోకుండానే హామీదారు మీదకి వెళ్లొచ్చని సర్ఫేసీ చట్టం 13(11)లోనే రాసి ఉంది. అలాగని పెద్దాయన ఇంటికి రేపే తాళం వేస్తారని కాదు. ఆయన తన ఇల్లు తనఖా పెట్టలేదు కాబట్టి ఈ నోటీసుతో దాన్ని ముట్టుకోలేరు. ఇంత బాకీకి బ్యాంకు సివిల్ కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోవాలి, వసూలు కోసం బ్యాంకు ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే బాకీ కనీసం 20 లక్షలుండాలి. కుర్రాడు చెప్పాల్సింది ఇదీ: టైముంది మామయ్యా, కానీ మీదాకా రావొచ్చు.

వాటాల సంగతి మరీ అబద్ధం కాదు, వాడు దాన్ని తప్పు చోట పెట్టాడు. బ్యాంకు ముందు వాటాల్లేవు. తమలో తమకి ఉన్నాయి. రసీదు లెక్క సరిచేశాక బాకీ 6 లక్షలు అనుకుందాం, పెద్దాయన ఒక్కడి దగ్గరే మొత్తం వసూలైంది అనుకుందాం. అప్పుడు మిగతా ఇద్దరి దగ్గర చెరో 2 లక్షలు అడిగే హక్కు ఆయనకుంది, పిన్ని దగ్గర తాను పోగొట్టుకున్నది రాబట్టుకునే హక్కూ ఉంది, బ్యాంకు చేతిలో ఉన్న తనఖా హక్కు కూడా ఆయనకి సంక్రమిస్తుంది. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు ఆ హక్కులు వాడుకుంటే ఆ వాకిట్లో మళ్లీ ఎవరైనా నిలబడతారా అన్నది ఇంకో కథ, ఆ రచయితే రాయాలి.

ఇంత చెప్పాక కుర్రాణ్ణి తప్పు పట్టాలని మాకు లేదు. వాడి ఉద్యోగం ఫైళ్లు చూసుకోవడం, ఎదురింటి పిన్నికి కాంట్రాక్టు చట్టం చెప్పడం కాదు. మా కోపం వేరే చోట ఉంది. ఇవే నియమాల్లో తెలుగు ఎక్కడ వస్తుందో చూడండి. అరవై రోజులూ అయిపోయి, బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకున్నట్టు తలుపు మీద కాగితం అంటించాక, ఆ సంగతిని ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో ప్రకటించాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయ్యుండాలని సర్ఫేసీ చట్టం కింది 2002 నియమాల్లో ఉంది. ఆ ప్రకటన ఊళ్లోవాళ్ల కోసం, ఈ ఆస్తి కొనకండి అని హెచ్చరించడానికి. ఊరికి తెలుగులో చెబుతారు, ఇల్లు పోయేదాకా ఇంట్లోవాళ్లకి ఇంగ్లిష్‌లో చెబుతారు. బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీలు అప్పుదారుడికి అర్థమయ్యే భాషలోనే ఉత్తరాలు రాయాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కొత్త అప్పులకి ఇచ్చే ముఖ్య వివరాల పత్రం కూడా అలాగే ఉండాలని 2024లో చెప్పింది. అప్పు ఇచ్చేటప్పుడు అర్థం కావాలట, ఇల్లు అడిగేటప్పుడు మాత్రం 13(2) నోటీసు ఫలానా భాషలో ఉండాలని చట్టం ఎక్కడా అనదు. అన్నప్పుడు తెలుగులో ఇస్తారు, అనలేదు కాబట్టి ఇవ్వరు.

ఆ స్వాధీన ప్రకటనలు మా పత్రికలోనే వస్తాయి, లోపలి పేజీల్లో, చీమతల అక్షరాల్లో, డబ్బు తీసుకునే వేస్తాం. వాటిలో ఉన్నది తెలుగు లిపే గానీ తెలుగు కాదు. 'సాంకేతిక స్వాధీనం' అంటే ఇంట్లోవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నారని, ఖాళీ చేయించాలంటే బ్యాంకు సాధారణంగా జిల్లా మేజిస్ట్రేట్ సాయం అడుగుతుందని ఎవరికి తెలుస్తుంది? ఆ రోజు నుంచి 45 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చని, అమ్మకానికి ముందు 30 రోజుల నోటీసు విడిగా రావాలని, వేలం ప్రకటన వెలువడేలోపు మొత్తం కట్టేస్తే ఇల్లు నిలుస్తుందని ఆ ప్రకటన చదివి ఎవరు తెలుసుకుంటారు? ప్రకటనలోని మాటలు బ్యాంకువి, మేం మార్చలేం. పక్కన జాగా మాది. వచ్చే సోమవారం నుంచి ఆ ప్రకటనలున్న పేజీలో పైనే ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఈ మూడు గడువులూ వాడుక తెలుగులో, చదవగలిగే సైజు అక్షరాల్లో. కథ వేసిన ఆదివారం అనుబంధంలో పెద్దాయన ప్రశ్నకి సరైన జవాబు కూడా ఈ వారం వేస్తున్నాం, ఆ సవరణ ఉత్తరం రాసిన బ్యాంకు ఉద్యోగి చేతే రాయించి.