పుండు మధ్యలో కాదు, అంచులో చూడాలి

సర్జరీ వార్డులో వైద్య విద్యార్థికి పుండు చూపిస్తే ప్రొఫెసర్ మొదట అడిగేది, ‘అంచు ఎలా ఉందో చెప్పు’ అనే. మధ్యలో చీము ఉందా, పక్కు కట్టిందా అన్నది తర్వాతి మాట. మానుతున్న పుండుకి అంచు మెల్లగా లోపలికి వాలి ఉంటుంది. టీబీ పుండు అంచు కింద డొల్లగా ఉంటుంది. స్క్వామస్ సెల్ అనే చర్మ క్యాన్సర్ అయితే అంచు బయటికి విచ్చుకుంటుంది. ముఖం మీద వారాల తరబడి మానకుండా ఉన్న పుండు చుట్టూ, మడికి గట్టు వేసినట్టు గుండ్రంగా లేచి, ముత్యంలా నిగనిగలాడే అంచు కనిపిస్తే బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్‌ని అనుమానించాలి. ప్రపంచంలో తెల్లవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. మన దగ్గర తక్కువ. తక్కువ కాబట్టే ఎవరికీ తట్టదు, రోగికీ తట్టదు, చాలాసార్లు మొదట చూసిన డాక్టరుకీ తట్టదు.

ఆ అంచు అలా ఎందుకు లేస్తుందో తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. చర్మం పైపొరలో అట్టడుగు వరుస కణాల నుంచి, వెంట్రుక కుదుళ్ల నుంచి ఈ గడ్డ మొదలవుతుంది. ఏళ్ల తరబడి పడిన ఎండ ఆ కణాల్లో పెరుగుదలకు కళ్లెం వేసే జన్యువుని దెబ్బతీస్తుంది. అవి గుంపులు గుంపులుగా చర్మం కిందికి దిగి, పైనున్న పొరని సాగదీసి పలచన చేస్తాయి. పలచబడ్డ పొర కింద జిగురులాంటి పదార్థంతో కలిసిన కణాల ముద్దలు ఉండటంతో వెలుతురు పడినప్పుడు మెరుపు వస్తుంది. పైన సన్నటి ఎర్రటి రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా పాకి కనిపిస్తాయి. గడ్డ పెరిగేకొద్దీ నడిమి భాగానికి రక్తం చాలక అది కుళ్లి పుండు పడుతుంది. అంటే పుండు కనిపించే చోట గడ్డ చచ్చింది, అంచులో మాత్రం బతికి పెరుగుతోంది.

ఇంటర్నెట్‌లో ఈ జబ్బు ఫొటోలు వెతికితే గులాబీ రంగు చర్మం మీద మెరిసే బొడిపెలే వస్తాయి. మన చామనచాయ మొహాల మీద అది అలా ఉండదు. మనలాంటి చర్మంలో వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్లలో సగానికి పైగా నలుపు కలిసినవే. కాస్త నీలం కలిసిన నల్లటి బొడిపెలా ఉంటుంది, చూసినవాళ్లు ‘పుట్టుమచ్చ’ అంటారు, లేదా వయసుకి వచ్చే మచ్చ అంటారు. ముత్యపు మెరుపు నల్లరంగు కింద దాక్కుంటుంది. దాన్ని బయటికి రప్పించడానికి చర్మవైద్యులు చేసే పని చాలా చిన్నది: పుండుకి రెండు పక్కలా వేళ్లు పెట్టి చర్మాన్ని సాగదీసి, టార్చి లైటుని పక్కనుంచి వేస్తారు. అప్పుడు అంచు వెంబడి పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న నల్లటి, మెరిసే బొడిపెలు తేలతాయి. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, లేకపోయినా అనుమానించడానికి ఈపాటి చాలు. అవగాహన పోస్టర్లలో మన చర్మం మీది ఫొటో ఒక్కటైనా పెట్టకుండా ‘మెరిసే గులాబీ బొడిపె’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదని నా అభిప్రాయం.

చర్మవైద్యుల ఓపీకి తరచూ వచ్చే తరహా కథ ఒకటి చెప్పుకుందాం. అరవై దాటిన ఆవిడ, జీవితమంతా పొలం పనే. ముక్కు చెంపని కలిసే మడతలో మిరియపు గింజంత నల్లటి బొడిపె లేచింది. నొప్పి లేదు, దురద లేదు. మొహం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నప్పుడు ఓ రోజు రక్తం వచ్చింది. పక్కు కట్టింది, వారానికి పక్కు ఊడింది, మళ్లీ రక్తం. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి, ‘ఏం లేదు పెద్దమ్మా, గోరు తగిలి ఉంటుంది, ఈ ట్యూబ్ రాయి’ అన్నాడు. రాసింది. ఎరుపు తగ్గింది, పుండు చిన్నదైనట్టు అనిపించింది. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో ట్యూబ్. మధ్యలో ఎవరో చెప్పిన పసరు. రెండేళ్ల తర్వాత కూతురు పట్నం తీసుకొచ్చేసరికి అది 12 మిల్లీమీటర్ల పుండు.

ఇక్కడ ఆర్‌ఎంపీనో, ఆవిడనో తప్పుబట్టడం సులభం. కానీ అసలు మోసం జబ్బు నడకలోనే ఉంది. ఈ పుండు మానినట్టు నటిస్తుంది. పక్కు కింద ఓ పలచటి పొర కమ్ముతుంది, అది మళ్లీ చిట్లుతుంది. దానికి తోడు మందుల షాపుల్లో దొరికే ట్యూబుల్లో చాలావాటిలో యాంటీబయాటిక్, ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. స్టెరాయిడ్ వాపుని, ఎరుపుని తగ్గిస్తుంది, గడ్డని మాత్రం ఏమీ చేయలేదు. రాసిన నాలుగు రోజులకే ‘నయమవుతోంది’ అనిపించేది అందుకే. చాలా స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన ఉంది, ఏ ఊళ్లోనైనా ఎలా అమలవుతోందో చదివేవాళ్లకి తెలుసు. నొప్పి లేకపోవడం ఇంకో చిక్కు. నొప్పి ఉంటే మనవాళ్లు మర్నాడే ఆస్పత్రిలో ఉంటారు.

అందుకని నేను పట్టుబట్టేది గడువు గురించి. ముఖం మీద, చెవి మీద, మెడ మీద ఏ పుండైనా నాలుగు వారాల్లో పూర్తిగా మానకపోతే, లేదా మాని మళ్లీ అదే చోట తెరుచుకుంటే, ఇక ట్యూబ్ మార్చే ఆలోచన మానేసి ముక్క పరీక్ష, అంటే బయాప్సీ చేయించాలి. ముక్క ఎక్కడనుంచి తీయాలన్నది కూడా ముఖ్యమే. పుండు మధ్యలోంచి తీస్తే చచ్చిన కణాలు, చీము, పక్కు తప్ప ఏమీ రాదు. రిపోర్టులో ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చి రోగి ఊపిరి పీల్చుకుంటాడు, గడ్డ పని గడ్డది. లేచిన అంచులోంచి, లోతుగా తీయాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి 3 లేదా 4 మిల్లీమీటర్ల గుండ్రటి కత్తి లాంటి పంచ్‌తో తీస్తారు, ఒక కుట్టు పడుతుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ‘కదిలిస్తే ముదురుతుంది’ అనే భయం ఇళ్లల్లో గట్టిగా ఉంది. ఈ క్యాన్సర్ విషయంలో ముక్క తీసినందువల్ల ఒంట్లోకి పాకడం అన్నది ఉత్త భయమే. మన దగ్గర ముక్క పరీక్షకి ఇంకో కారణం కూడా ఉంది: ముఖం మీద చర్మపు టీబీ కూడా ఇలాగే ఏళ్ల తరబడి సాగుతుంది. రెండిటికీ వైద్యం వేరు, కళ్లతో చూసి తేల్చడానికి లేదు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ట్యూబ్ కాదు, కాల్చడం. పులిపిరి, పుట్టుమచ్చ తీయించుకోవడానికి బ్యూటీ క్లినిక్‌కి వెళితే కరెంటు సూదితోనో లేజర్‌తోనో పది నిమిషాల్లో కాల్చేస్తారు. పల్లెల్లో సున్నం పెట్టి రాల్చేవాళ్లూ ఉన్నారు. పైకి కనిపించే బొడిపె పోతుంది, పరీక్షకి పంపడానికి ముక్క మిగలదు. లోపల మిగిలిన గడ్డ మచ్చ కింద పెరుగుతుంది, ఏడాదికో రెండేళ్లకో బయటపడేసరికి ఎక్కడిదాకా పాకిందో అంచనా దొరకదు. తిరగబెట్టిన గడ్డని తీసేయడం మొదటిసారి వచ్చినదాన్ని తీయడం కన్నా కష్టం, మళ్లీ రావడమూ ఎక్కువే. నడివయసు దాటాక ముఖం మీద కొత్తగా లేచిన నల్లటి బొడిపెని ఎవరు తీసినా, తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్లి తీరాలి. ‘చిన్నదే కదా’ అనే డాక్టర్లకి కూడా ఈ మాట వర్తిస్తుంది.

మళ్లీ ఆ పెద్దావిడ దగ్గరికి వద్దాం. వైద్యం ప్రధానంగా ఆపరేషనే. చిన్నగా, హద్దులు స్పష్టంగా ఉన్న గడ్డకి చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి కోసేస్తే దాదాపు 95 శాతం మందిలో గడ్డ పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. ఆవిడ పుండు 12 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 4 కలిపితే 20 మిల్లీమీటర్ల వెడల్పు లోటు. ముక్కు పక్కన అంత లోటు పూడ్చాలంటే చెంప నుంచి చర్మాన్ని తిప్పి తేవాలి, ప్లాస్టిక్ సర్జన్ కావాలి. 5 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే వచ్చి ఉంటే లోటు 13 దగ్గర ఆగేది, కోసే వైశాల్యం సగం కన్నా తగ్గేది. రెండేళ్ల ఆలస్యానికి ఆవిడ ముక్కు మీద పడిన వెల అది. పైగా ముక్కు, కనురెప్పలు, పెదవులు, చెవుల చుట్టూ ఉన్న భాగంలో ఈ గడ్డ వేళ్లు కంటికి ఆనేదానికన్నా దూరం వెళతాయి కాబట్టి 4 మిల్లీమీటర్లు అన్నిసార్లూ సరిపోవు. మోస్ సర్జరీలో పొరపొరగా కోస్తూ, కోసిన ప్రతి పొర అంచునీ అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూస్తూ పోతారు. తిరగబెట్టడం అందులో అన్నిటికన్నా తక్కువ, కానీ మన దేశంలో చేసేవాళ్లు కొద్దిమందే. అది దొరకనప్పుడు, గడ్డ కోశాక ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగి, అంచుల్లో గడ్డ లేదని తేలాకే చర్మం తిప్పి పూడ్చడం మంచి పద్ధతి. ఒకసారి ఆ చర్మం తిప్పి కప్పేశాక అడుగున మిగిలిందని తెలిస్తే మళ్లీ అంతా తెరవాలి. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడగాల్సిన ఒకే ప్రశ్న: ‘మార్జిన్స్ ఫ్రీగా ఉన్నాయా? పక్క అంచులు, అడుగు రెండూ?’

‘ఇది ప్రాణాంతకం కాదండీ’ అన్న మాట విని చాలామంది ఆపరేషన్ వాయిదా వేస్తారు. మాటలో అబద్ధం లేదు, వేరే అవయవాలకి పాకడం చాలా చాలా అరుదు. కానీ ఉన్నచోట తవ్వుకుంటూ పోవడం మానదు. 1827లో డబ్లిన్ వైద్యుడు ఆర్థర్ జేకబ్ ఈ పుండుని వైద్య లోకానికి వర్ణించింది కనురెప్పల మీద చూసే, అదీ రెప్పల్ని, చుట్టుపక్కల భాగాల్నీ నమిలేసే తీరు చూసి. ముక్కు పక్కన కంటి లోపలి మూల అన్నిటికన్నా ప్రమాదమైన చోటు, అక్కడ నుంచి కనుగుంటలోకి దారి దగ్గర. ఆ దశకి వచ్చాక గడ్డతో పాటు కన్నూ తీసేయాల్సి రావచ్చు. కోతకి లొంగనంత పెరిగినవాటికి రేడియేషన్ ఉంది, 2012లో అమెరికాలో అనుమతి పొందిన విస్మోడెజిబ్ అనే మాత్ర ఉంది. ఆ మాత్ర చాలామందిలో గడ్డని కుదిస్తుంది, కానీ కండరాలు పట్టేయడం, రుచి పోవడం, జుట్టు రాలడం వల్ల మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ.

గడ్డ పూర్తిగా తీసేసినా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఏళ్ల తరబడి చూపించుకోవాలి. ఒకటి వచ్చిన చర్మం మీద అదే ఎండ పడింది కాబట్టి వేరే చోట ఇంకోటి వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. పుట్టుకతోనే చర్మంలో రంగు లేని అల్బినిజం వాళ్లకి ఈ జబ్బులు చిన్న వయసులోనే రావచ్చు, వాళ్లు చర్మవైద్యుడి దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లాల్సిందే. చెకప్‌లో డాక్టరు పాత కుట్టు గీత వెంబడి వేలితో తడిమి, చర్మం సాగదీసి, మిగతా మొహం మొత్తం, చెవి వెనకాల, మాడు కూడా చూడాలి. కుట్టు ఒక్కటే చూసి పంపేస్తే, ‘మిగతా మొహం కూడా చూడండి సార్’ అని అడగటానికి మొహమాటపడకండి.