బ్యాంకు మేనేజరుగారొస్తున్నారు, ఫ్లాటు తుడిపించండి

భీమవరంలో ఎన్ని బ్యాంకులున్నాయో, ఒక్కో బ్యాంకుకి ఎంతమంది మేనేజర్లున్నారో ఎవరైనా లెక్క తీసి పుణ్యం కట్టుకోవాలి. ఊళ్ళో ఏ వీధిలో ఏ ఫ్లాటు ఖాళీ అయినా, ఏ బ్రోకరుకి ఫోను చేసినా వచ్చే జవాబు ఒక్కటే. "పార్టీ రెడీగా ఉందండీ. బ్యాంకు మేనేజరుగారు. కొత్తగా ట్రాన్స్‌ఫరై వచ్చారు. భార్యాభర్తలూ, ఒక్క పాప. చాలా నెమ్మదస్తులండీ. మీరు తాళం పంపించండి చాలు."

తాళం వెళ్తుంది. మేనేజరుగారు రారు. ఇవాళ ఆడిటంట. రేపు మేడంగారు ఊరెళ్తున్నారంట. ఎల్లుండి అమావాస్యంట. వారం తిరిగేసరికి ఆ తాళంతో ఫ్లాటు చూడ్డానికి ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు ఆరుగురు వస్తారు, చెప్పడం మాత్రం ముగ్గురేనని చెప్తారు.

ఈ మేనేజరుగారు పుట్టడానికో కారణం ఉంది. అద్దె బ్రోకరుకి జీతం లేదు. తన మనిషి దిగితేనే కమీషన్, పక్క బ్రోకరు మనిషి దిగితే తిరిగిన పెట్రోలు కూడా దండగే. అంచేత వాడికి ముందు కావాల్సింది పార్టీ కాదు, మీ తాళం. తాళం చేతిలో ఉంటే మీరు ఇంకొకడికి చూపించలేరు. తాళం పుచ్చుకోవడానికి బ్యాంకు మేనేజరు కన్నా మర్యాదైన వంక మన డెల్టాలో ఇంకా కనిపెట్టలేదు.

ఇక రుసుము. ఊరిని బట్టీ మనిషిని బట్టీ సగం నెల అద్దె నుంచి నెల అద్దె దాకా, అటు దిగేవాళ్ళ దగ్గరా ఇటు ఓనరు దగ్గరా. మన దగ్గర ప్రభుత్వం రేటు కట్టలేదు. 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, ఏజెంట్లని రిజిస్టరు చేయించుకోమన్నది అమ్మకాల సంగతిలోనే. అద్దెకిప్పించేవాడు దానికిందకి రాడు. ఆదాయపు పన్నులో ఇంటద్దె మీద 30 శాతం ఎలాగూ తగ్గిస్తారు కాబట్టి బ్రోకరుకిచ్చింది విడిగా చూపించుకోవడమూ కుదరదు. పోయిన డబ్బు పోయినట్టే.

అయితే "ఆ డబ్బు మిగుల్చుకుంటాను, నేనే ఇచ్చుకుంటాను" అనే వీరులకి కూడా ఒక చిన్న ఎక్కాల పరీక్ష పెట్టాలి. రెండు పడక గదుల ఫ్లాటు, నెలకి రూ. 12,000 అద్దె అనుకుందాం. అంటే రోజుకి 400. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ అపార్టుమెంటు మెయింటెనెన్సు 1,500 మీ నెత్తినే, అంటే రోజుకి ఇంకో 50. మొత్తం రోజుకి 450. బ్రోకరు నెల అద్దె అడిగితే అది మీ ఫ్లాటు దాదాపు 27 రోజుల ఖాళీతో సమానం. సగం నెలకి ఒప్పుకుంటే 13 రోజులు. మీ సొంత ప్రయత్నం బ్రోకరు కన్నా అన్ని రోజులు ఆలస్యమైతే మీరు మిగిల్చింది సున్నా, పైగా మెట్లెక్కి దిగిన మోకాళ్ళ నొప్పి.

ఈ లెక్కలో బ్రోకరు నోరెత్తనిది ఒకటుంది. "అద్దె కొంచెం ఎక్కువండీ, ఒక వెయ్యి తగ్గించండి, ఇవాళే అడ్వాన్సు పట్టుకొస్తాను" అంటాడు. ఆ వెయ్యి మీకు పదకొండు నెలల్లో 11,000. అంటే ఇంకో కమీషన్. తగ్గిస్తే వాడికి పోయేది వెయ్యో, అయిదొందలో. కలిసొచ్చేది రెండు వారాల తిరుగుడు. మీ తరఫున బేరమాడే మనిషి మీ అద్దె తగ్గితే సంతోషిస్తాడన్నమాట. మళ్ళీ ఇటువైపు, ఆ వెయ్యి కోసం పంతం పట్టి నెల రోజులు తలుపులు మూసుకు కూర్చునే ఓనరు 13,500 పోగొట్టుకుని 11,000 గెలుస్తాడు. ఆయన తెలివిని కూడా సన్మానించాల్సిందే.

మన దగ్గర ఇంకో చిక్కు పంచాంగం. ట్రాన్స్‌ఫర్లూ, కాలేజీ అడ్మిషన్లూ మే, జూన్ నెలల్లో. ఆషాఢం వచ్చిందంటే కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళుండరు. జ్యేష్ఠం చివరి వారం దాకా "నేనే ఇచ్చుకుంటాను" అని బోర్డు పట్టుకు కూర్చుంటే, ఆ తరవాత శ్రావణం దాకా మీ ఫ్లాటులో ఉండేది బల్లులే. అంచేత ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ అయితే మీరే ప్రయత్నించండి. ఆషాఢానికి పది రోజుల ముందు కూడా తాళం మీ జేబులోనే ఉంటే, బింకం మాని బ్రోకరుకి ఫోను చేయండి. ఆ నెల ఖాళీ కన్నా వాడే చవక.

అలాగని నలుగురికి ఫోను చేసే ముందు ఆగండి. నలుగురికి చెప్తే నాలుగు రెట్లు తొందరగా అయిపోతుందనుకునే ఓనరు ఉంటాడు. సరిగ్గా ఆయనలాగే, నలుగురు బ్రోకర్లకి చెప్పిన అద్దెవాడు కూడా ఉంటాడు. ఆదివారం ఉదయం పదకొండింటికి మొదటి బ్రోకరు తన పార్టీతో లిఫ్టు దగ్గరికొస్తాడు. రెండో బ్రోకరు మెట్ల మీంచి దిగుతూ ఆ పార్టీని చూసి "ఏవండీ, మిమ్మల్ని సాయంత్రం రమ్మన్నాను కదా" అంటాడు. మూడోవాడు తాళం తన బావమరిదికిచ్చాడు, బావమరిది ఉండిలో పెళ్ళిలో ఉన్నాడు. నాలుగోవాడు రాలేదు గానీ ఫోటో మాత్రం పార్టీ వాట్సాప్‌లో ఉంది, కాబట్టి "చూపించింది నేనే" అని ఫోన్లో వాదిస్తున్నాడు. సెల్లారులో వాచ్‌మన్ కుర్చీ వేసి పంచాయితీ మొదలవుతుంది. లోపల పార్టీ తాలూకు పెద్దాయన ఫోనులో దిక్సూచి తెరిచి హాలు మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటాడు. ఫోనుని ఇనప గ్రిల్లు పక్కన పెట్టాడు కనక తూర్పు వాకిలి కాస్తా ఆగ్నేయానికి జరిగింది. "నైరుతిలో బాత్రూమండీ" అని ఆయన నిట్టూరుస్తాడు. కింద కమీషన్ నాలుగు వాటాలైంది, వాచ్‌మన్‌ది అయిదోది. ఇంతకీ వాళ్ళు ఫ్లాటు తీసుకోలేదు.

దీనికి విరుగుడు పెద్ద విద్యేం కాదు. ఇస్తే ఒక్కరికే ఇవ్వండి, రెండు వారాల గడువుతో. ఎంతిస్తారో, అడ్వాన్సు మీ ఖాతాలో పడి అగ్రిమెంటు మీద సంతకాలయ్యాకే ఇస్తారని, రెన్యువల్‌కి పైసా ఇవ్వరని వాట్సాప్‌లో రాసి "సరేనండీ" అనిపించుకోండి. తీసుకొచ్చిన ప్రతి పార్టీ పేరూ తేదీతో సహా అందులోనే పెట్టమనండి. తాళం మాత్రం వాచ్‌మన్ దగ్గర.

సొంతంగా ఇచ్చుకునేవాళ్ళ బాధ వేరు. ప్రకటనలో "బ్రోకర్లు ఫోన్ చేయవద్దు" అని రాస్తే మొదటి అరగంటలో చేసేవాళ్ళందరూ బ్రోకర్లే. అసలు పార్టీ చేసేసరికి మీరు విసుగొచ్చి ఫోను ఎత్తరు. సగం ఫోన్లు ప్రకటన రాయడం చేతగాకే వస్తాయి. అద్దె, మెయింటెనెన్సు విడివిడిగా, అడ్వాన్సు ఎన్ని నెలలో, ఎన్నో అంతస్తో, లిఫ్టుందో లేదో, కారుకి చోటుందో లేదో రాయండి. నీళ్ళ సంగతి తప్పకుండా. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు, మున్సిపాలిటీ చెరువు నీళ్ళు పొదుపుగా వదుల్తుంది, బోరులో ఉప్పు. సరిగ్గా అప్పుడే పార్టీలు ఇళ్ళు చూస్తారు. "ఇరవై నాలుగ్గంటలూ గోదారి నీళ్ళే" అని రాస్తే వచ్చినవాడు ముందు కుళాయి తిప్పి నోట్లో పోసుకుంటాడు. ఉప్పని రాస్తే ఆ ఉప్పుకి ఒప్పుకున్నవాళ్ళే మెట్లెక్కుతారు.

ఇంకో పెద్దమనిషి ఫోను చేస్తాడు. మిలిటరీలో పనట, ఫ్లాటు చూడక్కర్లేదట, అడ్వాన్సు ఇప్పుడే పంపుతాడట, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేయమంటాడు. డబ్బు రావడానికి మీరు స్కానూ చేయక్కర్లేదు, పిన్నూ కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టిన చోట డబ్బు పోతుంది, రాదు. బ్రోకరు ఉంటే ఈ ఒక్కడూ మీ దాకా రాడు; ఆ మేరకి కమీషన్ సార్థకమే.

ఇప్పుడు "మంచి పార్టీ" సంగతి. బ్రోకరుకి కమీషన్ ఇచ్చేది మంచి మనుషుల్ని తెస్తాడనేనని ఓనర్లందరూ గంభీరంగా చెప్తారు. ఏం చూస్తాడయ్యా అంటే, జీతం స్లిప్పు అడగడు. ఉద్యోగం కార్డు చూడడు. వెనకటి ఇంటి ఓనరుకి ఫోను చేయడు. వాడు అడిగేది ఒక్కటే: "ఇంతకీ మీరేవిట్లండీ?"

వడపోత అంటే ఇదీ. రొయ్యల చెరువు డబ్బుతో కొన్న ఫ్లాటుకి "వెజిటేరియన్స్ ఓన్లీ" అని బోర్డు. ఆస్పత్రిలో నైటు డ్యూటీ చేసే నర్సమ్మ ఒక్కతే వస్తే "ఫ్యామిలీకే అండీ". పేరు వినగానే మొహం మారి "అయ్యో, నిన్న సాయంత్రమే అయిపోయిందండీ", అదే ఫ్లాటు మర్నాడు ఇంకొకరికి చూపించడం. నెలనెలా ఒకటో తారీకు జీతం పడే ఉపాధ్యాయుణ్ణి పేటలో పుట్టాడని గుమ్మంలోంచి పంపేసి, మూడిళ్ళలో కరెంటు బిల్లులెగ్గొట్టిన మనవాణ్ణి తాంబూలమిచ్చి దించుకోవడం. ఓనరుగారేమో "ఛఛ, నాకలాంటి పట్టింపుల్లేవండీ, అంతా బ్రోకరే చూసుకుంటాడు" అంటారు. అవునయ్యా, అందుకేగా వాడికి డబ్బిచ్చేది! మీ నోటితో అడగడానికి సిగ్గుపడే ప్రశ్నని వాడి నోటితో అడిగించుకోవడానికి నెల అద్దె కూలీ ఇస్తున్నారు. సిగ్గున్నవాడు ఆ ప్రశ్న మానేస్తాడు గానీ, మనిషిని పెట్టి అడిగించడు.

మనిషిని చూడాలంటే చూసే పద్ధతులున్నాయి, బ్రోకరు తెచ్చినా మీరే తెచ్చుకున్నా చేయాల్సింది మీరే. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరుకి ఫోను చేయకండి. వదిలించుకోవాలనుకుంటే ఆయన దేవుడని చెప్తాడు. అంతకు ముందున్న ఇంటి ఓనరుకి చేయండి, ఆయనకి అబద్ధంతో లాభం లేదు. అద్దె ఏ తారీకున వచ్చేది, ఎందుకు ఖాళీ చేశారు, అడ్వాన్సులో ఎంత కోశారు: మూడే ప్రశ్నలు. పాత ఇంటి కరెంటు సర్వీసు నంబరు తీసుకుని బకాయి ఉందేమో చూడండి. అడ్వాన్సు టోకెన్ పార్టీ సొంత ఖాతా నుంచే వేయమనండి. ఆధార్ మీద ఒక పేరు, డబ్బు పంపినవాడిది ఇంకో పేరు అయితే దిగేది ఎవరో ఆరా తీయండి. అద్దె జీతంలో మూడో వంతు దాటితే నాలుగో నెల నుంచి తారీకులు జరుగుతాయి.

పైగా అగ్రిమెంటు కూడా బ్రోకరే రాయిస్తాడు, దానికి విడిగా డబ్బు. జిరాక్సు షాపులో పాత ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు, అందుకే మీ భీమవరం ఫ్లాటుకి తూర్పు హద్దు తణుకులో ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ అడుగుతుందని అందరూ పదకొండు నెలలకి రాసుకుంటారు గానీ, రాష్ట్ర సవరణ ప్రకారం ఆంధ్రలో ఏ లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే. హద్దులు మీరే చదువుకోండి. ఖాళీ చేసేటప్పుడు సున్నాలకి ఎంత కోస్తారో అంకెతో రాయండి. తాళమిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగుకి ఫోటో తీసి, ఫ్యాన్లూ గీజరూ లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయండి. ఆ సంతకాల దగ్గర బ్రోకరు ఉండడు. కమీషన్ అందిన సాయంత్రమే ఆయన ఇంకో ఫ్లాటు తాళం కోసం వెళ్ళిపోయుంటాడు.