ముందు ఏ ఉత్తరం చదివామన్నదే అసలు సంగతి

ఉత్తరాల్లో నడిచే నవల గురించి తరచూ వినే మాట ఒకటుంది. ఉత్తరంలో మనసులోది ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది, మధ్యలో రచయిత అడ్డురాడు, అందుకే పాఠకుడు నమ్ముతాడు అంటారు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఉత్తరం ఎవరో ఒకరిని ఒప్పించడానికో, కరిగించడానికో, మోసగించడానికో రాస్తారు. చదివేవాళ్ల ముఖం ఊహించుకుంటూనే ప్రతి వాక్యం పడుతుంది. అలాంటి దాంట్లో నిజాయితీ వెతకడం మొదటి పొరపాటు.

1782లో వచ్చిన లక్లో ఫ్రెంచ్ నవల ‘లే లియెజాన్ దాంజెరూజ్’ తీసుకోండి. అందులో 175 ఉత్తరాలున్నాయి. అవతలివాళ్లను ప్రేమ పేరుతో వలలో వేసుకోవడమే ఆటగా పెట్టుకున్న వాల్మోన్, మెర్తయ్ అనే ఇద్దరి కథ అది. నేరుగా 47, 48 ఉత్తరాల దగ్గరికి వెళ్తాను.

47వ ఉత్తరం వాల్మోన్ తన పాత ప్రియురాలు మెర్తయ్‌కి రాసింది. రాత్రి ఎమిలీ అనే వేశ్యతో గడిపానని, ఆమెనే రాతబల్లగా చేసుకుని భక్తురాలైన తుర్వెల్‌కి ప్రేమలేఖ రాశానని చెబుతాడు. ఆ లేఖను మూయకుండా జతచేసి, చదివి పారిస్ నుంచి పోస్టు చెయ్యమంటాడు. తర్వాతి పేజీలో ఆ లేఖే 48వ ఉత్తరంగా వస్తుంది. రాత్రంతా కన్ను మూయలేదంటాడు అందులో. తాను రాస్తున్న బల్ల ఈ పనికి వాడటం ఇదే మొదటిసారనీ, అది తనకు ప్రేమ పీఠమైపోయిందనీ అంటాడు.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఈ మాటల్లో అబద్ధమేదీ లేదు! నిద్రపోలేదు, నిజమే. ఆ ‘బల్ల’ను అలా వాడటం మొదటిసారే, అదీ నిజమే. తుర్వెల్ చదివితే విరహం, మెర్తయ్ చదివితే పరిహాసం. అక్షరం మారలేదు. ఈ ఉత్తరాన్ని విడిగా ఎంత జల్లెడపట్టినా మోసం దొరకదు. మనకు దొరికిందంటే కారణం ఒక్కటే, 47 ముందు వచ్చింది.

ఆ రెండూ తారుమారు చేసి చూడండి. 48 ముందు చదివితే మనమూ తుర్వెల్‌తో పాటు కరిగిపోతాం. ఆ తర్వాత 47 చదివి ఉలిక్కిపడతాం. అది ఒక్క క్షణపు షాక్, అంతే. ఇప్పుడున్న వరుసలో అలా కాదు. ప్రతి పదం చదువుతున్నప్పుడే రెండుగా వినిపిస్తుంది. పైగా నవ్వు వస్తుంది, వచ్చిన వెంటనే సిగ్గేస్తుంది, ఎందుకంటే మనం మెర్తయ్ భుజం పక్కన నిలబడి చదువుతున్నాం. వ్యంగ్యం పుట్టింది వాక్యంలో కాదు, వరుసలో.

క్షణక్షణం రాసే ఉత్తరంలో వేడి ఉంటుంది, ఏమవుతుందో రాసేవాళ్లకే తెలియని టెన్షన్ ఉంటుంది అని ఇంగ్లిష్ రచయిత రిచర్డ్‌సన్ ఉత్తరాల నవల ‘పమేలా’ను చూపించేవాళ్లున్నారు. ఆ వేడి నేను కాదనను. కానీ వేడి వేరు, సాక్ష్యం వేరు.

ఇక ఖాళీల సంగతి. చివర్లో తుర్వెల్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు వాల్మోన్ తన బాధ వెళ్లబోసుకుంటూ వొలాంజ్ అనే ఆవిడకి ఉత్తరం రాస్తాడు. అతని దుఃఖం నిజమా, నటనా అన్నది ఆవిడ తేల్చుకోలేకపోతుంది. నవల మొత్తంలో మనం అడిగే ప్రశ్న కూడా అదే. ఆ ఉత్తరం మాత్రం పుస్తకంలో లేదు. ఈ అనుమానం తీర్చేది మిగతా ఉత్తరాల్లో ఏదీ దొరకలేదు కాబట్టి దాన్ని తీసేశామని సంపాదకుడి పేరుతో అడుగున ఒక గమనిక ఉంటుంది. ఎంత గడుసు పని! అన్ని ఉత్తరాలూ చదివామనుకుంటున్న మనకు, ఎవరో ఏరి ఇచ్చినవే చదువుతున్నామని అక్కడ అర్థమవుతుంది. ఆ మాట సంపాదకుడు ముందుమాటలోనే చెప్పాడు, మనమే మరిచిపోయాం.

అందుకే స్క్రీన్‌షాట్ చూపించి ‘ఇదిగో, ఆమె రాసిందే చూడండి’ అని ఎవరైనా అంటే నాకు ఈ నవలలోని దాన్సెనీ అనే యువకుడు గుర్తొస్తాడు. అతనితో ద్వంద్వయుద్ధంలో దెబ్బతిని చనిపోతూ వాల్మోన్ ఉత్తరాల కట్ట అతని చేతిలోనే పెడతాడు. దాన్సెనీ అందులోంచి 81, 85 ఉత్తరాలను జనంలోకి వదులుతాడు. రెండూ మెర్తయ్ స్వయంగా రాసినవే, దొంగ ఉత్తరాలేమీ కావు. ఆ రెంటితో ఊరంతా తీర్పు చెప్పేస్తుంది, నాటకశాలలో ఆమెను ఈసడిస్తుంది. మెర్తయ్ దోషే, అందులో నాకు అనుమానం లేదు. కానీ దాన్సెనీ కూడా ఆమె ప్రియుడే. ఆ సంబంధం మొదలయ్యే నాటికే ఆ రెండు ఉత్తరాలూ రాయడం అయిపోయింది, కాబట్టి అతని కథ వాటిలో ఉండే అవకాశమే లేదు. మిగిలిన కట్టను అతను ముసలావిడ రోజ్‌మోంద్‌కి అప్పగించాడు. ఊళ్లోవాళ్లెవరూ దాన్ని చూడలేదు.