నెత్తిన పేరు లేని షీటు

పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు. తిరుపతిలో ఇన్నేళ్లుగా నేను కూడబెట్టిందంతా ఒక ఇనుప బీరువాలో ఉంది. పై అరలో వాస్తవ సంఖ్యలు, దాని కింద బహుపదులు, ఆ కింద వర్గ సమీకరణాలు, అట్టడుగున త్రికోణమితి. చాప్టరుకు ఒక షీటు, షీటుకు పాతిక లెక్కలు. పాతిక్కి పాతికా ఒకే జాతివి. షీటు నెత్తిన పెద్ద అక్షరాలతో చాప్టరు పేరు ఉంటుంది. ఆ పేరు చూడగానే ఏ సూత్రం వాడాలో పిల్లవాడికి తెలిసిపోతుంది కాబట్టి లెక్క చదివే శ్రమ తప్పుతుంది. చదవకుండా లెక్క చేయించడం అంత తేలికైన విద్య కాదని మనవి.

ఇలాంటి బీరువాకు ఈ ఏడాది ముప్పు వచ్చింది. మా వీధి చివర ఒక కుర్ర మాస్టారు దిగాడు. ఆయన జిరాక్స్ షాపులో నా షీట్లే కొని, కత్తెరతో లెక్కకు లెక్క విడగొట్టి, స్టీలు బేసిన్లో వేసి కలిపాడట. తర్వాత వాటిలోంచి పన్నెండు ఏరి, తెల్ల కాగితం మీద అతికించి కాపీలు తీయించాడట. పక్కపక్కన ఉన్న రెండు లెక్కలు ఒకే రకానివి కాకుండా చూసుకున్నాడని షాపాయన చెప్పాడు. కొత్త చాప్టరువి మూడో నాలుగో, మిగతావన్నీ ఎప్పుడో అయిపోయిన చాప్టర్లవి. కాగితం పైన చాప్టరు పేరు ఉండాల్సిన చోట తేదీ మాత్రమే ఉంది.

ఆ కాగితం ఒకటి నా చేతికి చిక్కింది. అందులోని మూడు లెక్కలు చూడండి. మొదటిది: పది మీటర్ల నిచ్చెనను గోడకు ఆనించారు, దాని అడుగు గోడకు ఆరు మీటర్ల దూరంలో ఉంది, పై కొన ఎంత ఎత్తులో ఉంటుంది? రెండోది: అదే పది మీటర్ల నిచ్చెన నేలతో 60 డిగ్రీల కోణం చేస్తోంది, పై కొన ఎత్తెంత? మూడోది: రెండు మీటర్ల కర్ర నీడ మూడు మీటర్లు, అదే సమయంలో ఒక గోపురం నీడ 60 మీటర్లు, గోపురం ఎత్తెంత?

మూడూ ఎత్తులే, మూడింట్లోనూ లంబకోణ త్రిభుజమే. కానీ మొదటిది పైథాగరస్, జవాబు 8 మీటర్లు. రెండోది త్రికోణమితి, సైన్ 60తో 8.66 మీటర్లు. మూడోది సరూప త్రిభుజాలు, 40 మీటర్లు. ఏది దేనితో చేయాలో కాగితం చెప్పదు. పిల్లవాడే మొత్తం చదివి, కోణం ఇచ్చారా, రెండు భుజాలు ఇచ్చారా, రెండు నీడలు ఇచ్చారా అని చూసుకోవాలి. ఇది లెక్క చేయడమా, సీఐడీ ఉద్యోగమా?

ఆ కాగితాన్ని నా దగ్గర ఫస్టు వచ్చే అబ్బాయికి ఇచ్చాను. ముందురోజే త్రికోణమితి షీటులో పాతిక్కి ఇరవై నాలుగు తెచ్చుకున్నవాడు. నిచ్చెన అన్న మాట చూడగానే పెన్ను పరుగెత్తింది. మొదటి లెక్కకు కాస్ తీటా అని రాసి, ఆరు బై పది వేసి, 0.6 తెచ్చాడు. ఆపై 0, 30, 45, 60, 90 పట్టిక మొత్తం వెతికాడు. 0.6 అందులో ఎక్కడా లేదు.

తల ఎత్తి, "సార్, ఇది ఏ చాప్టరు?" అన్నాడు.

ఆరో తరగతి పిల్లకు కూడా పది స్క్వేర్ లోంచి ఆరు స్క్వేర్ తీసేస్తే అరవై నాలుగని తెలుసు. వీడికీ తెలుసు. "పైథాగరస్" అని నేను చెవిలో వేయగానే అర నిమిషంలో ఎనిమిది మీటర్లు వేసేశాడు. కాబట్టి తప్పు వాడిది కాదు, పేరు చెప్పని ఆ కాగితానిది. నేను ఇక్కడే గట్టిగా నిలబడ్డాను.

కుర్ర మాస్టారిని బాలాజీ కాలనీ టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. "ఏమప్పా, పిల్లల మార్కులు పడిపోతే వాళ్ల అమ్మానాన్నలకు ఏం చెప్తావు?" అన్నాను.

"పడతాయి సార్, ముందు పడతాయి," అన్నాడు ఏ సిగ్గూ లేకుండా. ఫ్లోరిడాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు 2007లో అచ్చువేసిన ప్రయోగం ఒకటి చెప్పాడు. కాలేజీ విద్యార్థులకు నాలుగు కొత్త ఆకారాల ఘనపరిమాణం కట్టడం నేర్పారట. అవే లెక్కలు, అదే సంఖ్య. కొందరికి రకం తర్వాత రకంగా, కొందరికి కలగలిపి. ప్రాక్టీసులో ఒకే రకం వరుసగా చేసినవాళ్లకు 89 శాతం వచ్చింది, కలిపి చేసినవాళ్లకు 60 శాతం.

"చూశావా!" అన్నాను. నాకైతే ప్రయోగం అక్కడితో ఆపేయాల్సింది అనిపించింది. కానీ వాళ్లు ఆపలేదట. వారం తర్వాత మళ్లీ పరీక్ష పెడితే నా పద్ధతి వాళ్లకు 20 శాతం, కలిపినవాళ్లకు 63. వారం తర్వాత పరీక్ష పెట్టడం ఏం న్యాయం? షీటు మీద మార్కు వేసిన రోజే కదా పిల్లవాడి నాన్న వాట్సాప్‌లో ఫోటో చూసేది! 2020లో అదే రోరర్ బృందం ఏడో తరగతి సెక్షన్లు 54 తీసుకుని, చెప్పకుండా నెల తర్వాత పరీక్ష పెట్టిందట. కలిపినవాళ్లకు 61 శాతం, విడివిడిగా చేసినవాళ్లకు 38. చెప్పకుండా పరీక్ష పెట్టడం మా తిరుపతి జిల్లాలో మర్యాద కాదు.

ఇంకో సంగతి ఒప్పుకున్నాడు. కొత్త పాఠం చెప్పిన రోజు ఆయన కూడా ఒకే రకం లెక్కలు నాలుగైదు వరుసగా చేయిస్తాడట. అసలు తెలియనిదాన్ని కలిపితే పిల్లవాడు ఊహించి రాయడమే తప్ప చేసేదేమీ ఉండదట. తర్వాత మాత్రం మిగతా ఇరవై లెక్కలు అదే రోజు చేయించకుండా వచ్చే వారాల షీట్లలోకి జారవిడుస్తాడట. ఏవి పడితే అవి కలపడట కూడా. చూపుకు ఒకేలా ఉండి పద్ధతి వేరయ్యేవే ఏరతాడట: నిచ్చెన పక్కన నీడ, శంకువు ఘనపరిమాణం పక్కన అదే శంకువు గుడారానికి పట్టే గుడ్డ. ఒకదానికి నిట్టనిలువు ఎత్తు కావాలి, రెండోదానికి ఏటవాలు ఎత్తు. షీటు అయ్యాక ప్రతి లెక్కకూ జవాబుతోపాటు "ఈ పద్ధతే ఎందుకు?" అని ఒక్క వాక్యం రాయిస్తాడట. దిద్దకుండా వదిలేస్తే కలిపిన షీటు తప్పులనే గట్టిపరుస్తుందని ఆయన భయం. పన్నెండు లెక్కలు దిద్దడానికి గంట. నేను అదే గంటలో జవాబుల వరుస చూసి మూడు బ్యాచ్‌లు దిద్దేస్తాను.

ఇంటికొచ్చి పాత పబ్లిక్ పరీక్ష పేపర్లు దించాను. ఒక్కదాంట్లోనూ ప్రశ్న పక్కన చాప్టరు పేరు లేదు. వర్గ సమీకరణం పక్కన సంభావ్యత, దాని కింద వృత్తం. ఇన్నేళ్లుగా పరీక్షల వాళ్లు కూడా బేసిన్లో కలుపుతున్నారన్నమాట! అందుకని ఒక వినతిపత్రం రాస్తున్నాను. ఇకపై ప్రతి ప్రశ్న పక్కన బ్రాకెట్లో చాప్టరు పేరు అచ్చువేయాలి. ఒకే చాప్టరు ప్రశ్నలన్నీ ఒకే పేజీలో ఉండాలి. పేజీ తిప్పేటప్పుడు ఇన్విజిలేటర్ "ఇప్పుడు త్రికోణమితి" అని కేకవేయాలి.

వినతిపత్రం తప్పుల్లేకుండా రాయమని ఆ ఫస్టు వచ్చే అబ్బాయికే ఇచ్చాను. రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చుని, పెన్ను క్యాప్ తీయకుండానే అడిగాడు: "సార్, ఇది లేఖా, వ్యాసమా? పైన రాయలేదు."