ఒకే పాదంలో పుట్టిన ఇద్దరు చంద్రులు

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి ఇద్దరు పిల్లల జాతకాలు పట్టుకొచ్చింది. పెద్దవాడు 2006 జూన్ 26 ఉదయం, చిన్నది 2015 అక్టోబర్ 4 అర్ధరాత్రి వేళ. ఇద్దరిదీ మిథున రాశి, ఆరుద్ర మూడో పాదం. చంద్రుడు ఇద్దరికీ మిథునంలో 16 డిగ్రీల దగ్గరే. "ఇద్దరికీ ఒక్కటే నక్షత్రం వచ్చింది అయ్యగారూ, శాంతి చేపియ్యాల్నా?" అని అడిగింది. ఏకనక్షత్ర జనన శాంతి మన నల్గొండ వైపు ఇళ్లలో ఇప్పటికీ గట్టి పట్టింపే. కానీ నాకు ఆ జాతకాల్లో మొదట కనబడింది వేరు. ఆ ఇద్దరి చంద్రులూ ఆకాశంలో ఒకే చోట లేరు. ఇద్దరి మధ్యా 10 డిగ్రీల ఎడం ఉంది.

రాశి డిగ్రీ చెప్పేది సూర్యుడి దారి మీద గ్రహం ఎంత దూరం నడిచిందన్నది మాత్రమే. ఆ దారికి అది పైన ఉందా, కింద ఉందా అన్నది రాశిచక్రంలో కనబడదు. దారికి పక్కన ఉన్న ఎడాన్ని శరం అంటాం. ఆకాశ మధ్యరేఖ అయిన విషువద్వృత్తం నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న ఎడం క్రాంతి, అంటే డెక్లినేషన్. సూర్యుడికి శరం లేదు కాబట్టి అతని క్రాంతి ఎటు చూసినా 23 డిగ్రీల 26 నిమిషాలు దాటదు. మిగతా గ్రహాలకు ఆ కట్టుబాటు లేదు. ఆ గీత దాటిన గ్రహాన్నే అవుట్ ఆఫ్ బౌండ్స్ అంటున్నారు.

చంద్రుడు సూర్యుడి దారిని దాటి ఉత్తరానికి ఎక్కే చోటే రాహువు. పెద్దవాడు పుట్టినప్పుడు అతను మీనంలో 6 డిగ్రీల దగ్గర ఉన్నాడు. విషువం నుంచి కొలిచే సాయన లెక్కలో అది మేషం మొదలు. అక్కడి నుంచి చంద్రుడు సూర్యుడి దారికి ఉత్తరంగా ఎక్కుతూ మిథునానికి వచ్చేసరికి దాదాపు 5 డిగ్రీలు పైకి చేరతాడు. అక్కడ దారే 23 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసి 28 డిగ్రీలు. చిన్నదాని వేళకు రాహువు కన్యలో 6 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా ఎదురు. అదే మిథునంలో చంద్రుడు దారికి 5 డిగ్రీలు కిందికి దిగాడు. మిగిలింది 18. ఒకే పాదం, ఒకే డిగ్రీ. కానీ ఒకడు హద్దు దాటాడు, ఇంకొకరు హద్దుకు చాలా లోపల ఉన్నారు. రాహువు చుట్టు తిరిగే 18.6 ఏళ్లలో సగం గడిచేసరికి వచ్చే తేడా ఇది.

ఇక్కడ మనవాళ్ల లెక్కలో ఒక పొరపాటు ఉంది, చెప్పక తప్పదు. గ్రహబలం కొలిచే షడ్బలాల్లో అయనబలం క్రాంతి మీదే కట్టేది. కానీ చాలామంది శరాన్ని వదిలేసి, రాశి డిగ్రీ నుంచే క్రాంతి తీస్తారు. అలా తీస్తే ఇద్దరు చంద్రులకూ 23 డిగ్రీలే వస్తుంది. ఉత్తర క్రాంతిలో చంద్రుడికి బలం తగ్గుతుంది కాబట్టి 60 భాగాల్లో ఇద్దరికీ ఒకటి, ఒకటింబావు మిగులుతుంది. శరం కలిపి చూస్తే చిన్నదానికి ఏడున్నర. పెద్దవాడికి సున్నా కన్నా తక్కువ! సూత్రం గరిష్ఠ క్రాంతి 24 అనుకుని కట్టింది, 28కి అందులో చోటు లేదు. ఈ మైనస్‌ను సున్నాగా రాసుకుని ముందుకెళ్లిపోవడం నాకు నచ్చదు. కొలబద్ద చాలలేదంటే ఆ గ్రహాన్ని విడిగా చదవాలని అర్థం.

ఇంకో తప్పు కొత్తవాళ్లు చేసేది. అయనాంశ తీసేసిన నిరయన డిగ్రీ నుంచి క్రాంతి కడతారు. క్రాంతికి అయనాంశతో పనిలేదు, సాయన డిగ్రీ నుంచే కట్టాలి. పరీక్ష చాలా తేలిక. నిరయన మేష సంక్రమణం నాడు, ఏప్రిల్ మధ్యలో, మీ లెక్కలో సూర్యుడి క్రాంతి సున్నా వస్తే తప్పు. 9 డిగ్రీల పైచిలుకు ఉత్తరం రావాలి.

మరి హద్దు దాటిన చంద్రుడికి ఫలితం ఏం చెబుతారు? సూర్యుడి గీతలో ఒదగని మనసు, ఇంటి పద్ధతికి బయట తన దారి వెతుక్కునే తీరు అని అనుభవమున్నవాళ్లు చదువుతారు. నేనూ అలాగే మొదలుపెడతాను. కానీ దాన్ని అరుదైన ప్రతిభకు గుర్తుగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. లెక్క వేసి చూడండి. 2006 వంటి ఏడాదిలో చంద్రుడు నెలకు రెండుసార్లు, ఒక్కోసారి 5 రోజులు, హద్దు బయటే ఉంటాడు. 27 రోజుల్లో 10 రోజులు. ఆ ఏడాది పుట్టిన పిల్లల తరగతి గదిలో మూడో వంతుకు పైగా ఇదే యోగం. 2015లో పుట్టిన వాళ్లలో ఒక్కరికీ లేదు. కాబట్టి ఇది తరం గుర్తుకు దగ్గరగా ఉండే సంగతి. లగ్నంతోనో, లగ్నాధిపతితోనో ముడిపడితేనే ఆ ఒక్క మనిషిదవుతుంది.

ప్యారలల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు గ్రహాల క్రాంతి ఒకే వైపు సమానమైతే ప్యారలల్, కలయికతో సమానంగా చూస్తారు. చెరో వైపు సమానమైతే కాంట్రా ప్యారలల్, ఎదురు దృష్టిలా చదువుతారు. ఇదేమీ మనకు పరాయిది కాదు. సూర్యసిద్ధాంతంలో పాతాధికారమంతా సూర్యచంద్రుల క్రాంతిసామ్యం గురించే. వేర్వేరు అయనాల్లో ఉండి ఒకే వైపు సమానమైతే వ్యతీపాతం, ఒకే అయనంలో ఉండి చెరో వైపు సమానమైతే వైధృతి. పంచాంగంలోని 27 యోగాల్లో కనిపించే అవే పేర్లు డిగ్రీలు కూడి తీసినవి, వాటిని దీనితో కలపకూడదు.

ప్యారలల్‌కు ఒక డిగ్రీ వరకు ఒప్పుకోవడం వాడుక. నాకు అభ్యంతరం అక్కడే. విషువం దగ్గర సూర్యుడి క్రాంతి ఒక డిగ్రీ మారడానికి రెండున్నర రోజులు చాలు. అదే జూన్‌లో, గరిష్ఠానికి డిగ్రీ లోపు దాదాపు 34 రోజులు ఉండిపోతాడు. నెల పైన నిలిచే సామ్యానికీ, రెండు రోజుల్లో జారిపోయే సామ్యానికీ ఒకే విలువ ఎలా ఇస్తాం? 20 డిగ్రీలు దాటిన చోట నేను పావు డిగ్రీ లోపు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాను.

పెద్దవాడి జాతకానికే తిరిగి వద్దాం. ముందురోజే అమావాస్య. సూర్యుడికి చంద్రుడు 6 డిగ్రీల దూరంలోనే ఉన్నాడు కాబట్టి చూసినవాళ్లంతా చంద్రుడు అస్తంగతుడని, అంటే సూర్యుడి వెలుగులో మునిగిపోయాడని రాసిచ్చారు. సూర్యుడి క్రాంతి 23.4, చంద్రుడిది 28. డిగ్రీలో దగ్గరైనా క్రాంతిలో కలవలేదు. ముందురోజు అమావాస్యకు గ్రహణం పట్టకపోవడానికీ కారణం ఇదే. డిగ్రీ, క్రాంతి రెండూ కలిస్తేనే సూర్యగ్రహణం. జాతకంలో సూర్యుడు తండ్రికి గుర్తు, కానీ నేను ఈ చంద్రుణ్ణి తండ్రి నీడలో పూర్తిగా మునిగినవాడిగా చదవను. పక్కనే ఉంటూ పక్కకు తొలగిన చంద్రుడిగా చదువుతాను.

శాంతి మీ ఇంటి ఆచారమైతే చేయించుకోమని ఆ తల్లికి చెప్పాను. ఇద్దరిదీ ఒకటే జాతకమన్న భయం మాత్రం వద్దన్నాను. నమ్మకం కుదరక "ఎట్ల తెలుస్తది?" అంది. జూన్ నెలాఖరులో డాబా ఎక్కి సూర్యుడు పొడిచే చోటు గుర్తుపెట్టుకోమన్నాను. ఏడాదిలో సూర్యుడు ఉత్తరంగా వచ్చే చివరి చోటు అదే. చేయి చాచి, ఆ చోటికి ఎడమవైపు మూడు వేళ్ల దూరం చూస్తే పెద్దవాడి చంద్రుడు పొడిచిన చోటు. కుడివైపు అంతకన్నా కాస్త ఎక్కువ జరిగితే చిన్నదానిది. చంద్రుడు ఆ ఎడమ వైపుకు ఈ రోజుల్లో కూడా పోతున్నాడు, 2024-25లో బాగా దూరం వెళ్లాడు, సుమారు 2030 దాకా ఏదో కొంత పోతూనే ఉంటాడు.